పైపులో జడత్వ పదం సున్నా అయితే, రెనాల్డ్స్ నంబర్ 1000 అంటే ఏమిటి అర్థం?

చింతూ_మెక్

ఇంటర్నల్స్ అయిపోయాయి కాబట్టి ఇది మార్కుల కోసం అడిగే ప్రశ్న కాదు. కానీ బుర్ర తినేస్తోంది.

నేవియర్-స్టోక్స్ సమీకరణాన్ని నాన్‌డైమెన్షనలైజ్ చేయడం క్లాసులో చూపించారు. ఇంటికొచ్చి నేనూ చేశాను. దూరాలను L తో, వేగాలను U తో, కాలాన్ని L/U తో, ప్రెజర్‌ని ρU² తో భాగించి, అంతా సర్దితే ఇలా వచ్చింది. అక్షరాలన్నీ యూనిట్లు పోయాక మిగిలినవే, నక్షత్రం గుర్తులు పెట్టలేదు.

```
∂u/∂t + (u·∇)u = −∇p + (1/Re) ∇²u
Re = ρUL/μ
```

Re అంటే జడత్వ బలానికీ స్నిగ్ధతా బలానికీ ఉన్న నిష్పత్తి అని అన్ని పుస్తకాల్లోనూ ఉంది. సరే అనుకుని పైపు మీద పెట్టి చూశాను. పొడవాటి గుండ్రటి పైపు, నిలకడగా పోయే నీళ్ళు, పారాబొలా ప్రొఫైల్. పైపు వెంబడి వేగం మారదు, అడ్డంగా వేగమే లేదు. కాబట్టి (u·∇)u సున్నా. చిన్నది కాదు, అచ్చంగా సున్నా. ∂u/∂t కూడా సున్నా. అంటే జడత్వ బలమే లేదు. అయినా ఆ పైపు Re 1000 అంటున్నాం. సున్నాని దేనితో భాగిస్తే 1000 వస్తుంది?

సూత్రధారి

తమ్ముడూ, అనవసరంగా టెన్షన్ పడుతున్నావు. జడత్వ బలం అంటే ρU²L², స్నిగ్ధతా బలం అంటే μUL. భాగిస్తే Re వస్తుంది, అంతే. నీళ్ళు కదులుతున్నాయంటే వాటికి ద్రవ్యవేగం ఉన్నట్టే కదా, మరి జడత్వం లేకుండా ఎక్కడికి పోతుంది? Re 2300 లోపు ఉంటే స్నిగ్ధత గెలుస్తుంది, లామినార్. దాటితే జడత్వం గెలుస్తుంది, టర్బులెంట్. గేట్‌లో అడిగేది కూడా ఇంతే.

చింతూ_మెక్

అన్నా, నిష్పత్తి అయితే 1 దగ్గర కదా గెలుపు ఓటములు మారాలి? జడత్వం వెయ్యి రెట్లు ఎక్కువగా ఉన్నా స్నిగ్ధతే గెలుస్తోందంటే ఆ పోటీ ఏమిటో నాకు అర్థం కావట్లేదు.

పాత_ప్రవాహం

మంచి చోట పట్టుకున్నారు. సూత్రధారి గారు చెప్పింది సగం కరెక్ట్. నీళ్ళకు ద్రవ్యవేగం ఉంది, నిజమే. కానీ సమీకరణంలో బలంగా లెక్కకొచ్చేది ద్రవ్యవేగం కాదు, దానిలో మార్పు. ఒకే వేగంతో తిన్నగా పోయే నీటి కణానికి త్వరణం లేదు. అందుకే ఆ పదం సున్నా.

మీరు వేసిన స్టెప్పుల్లో చప్పుడు చేయకుండా ఒక ఊహ దూరింది. L తో భాగించినప్పుడు "L దూరం పోతే వేగం U అంత మారుతుంది" అని పందెం కాశారు. ఆ పందెం నెగ్గితేనే యూనిట్లు పోయిన పదాలన్నీ 1 చుట్టుపక్కల ఉంటాయి, అప్పుడే 1/Re అనే గుణకం రెండు బలాల నిష్పత్తి అవుతుంది. పైపులో అడ్డంగా పందెం నెగ్గారు: గోడ నుంచి మధ్యకు వచ్చేలోపు వేగం U స్థాయిలో మారుతుంది. పొడవునా ఓడిపోయారు: ఎంత దూరం పోయినా వేగం మారదు. సమీకరణంలో తప్పు లేదు, Re లోనూ తప్పు లేదు. గుణకాన్ని నిష్పత్తి అని చదవడమే ఇక్కడ చెల్లదు.

అంకెలు వేసి చూద్దాం. పైపు లోపలి వ్యాసం 10 మి.మీ., సగటు వేగం సెకనుకు 0.1 మీటరు, 20 డిగ్రీల నీళ్ళు. అంటే ρ = 1000, μ = 0.001, Re సరిగ్గా 1000. ప్రొఫైల్ u = 2(1 − 4r²), ఇక్కడ r వ్యాసం యూనిట్లలో. దీని ∇² తీసి చూడండి, పైపు అంతటా −32 వస్తుంది. జడత్వం సున్నా కాబట్టి సమీకరణంలో మిగిలేది ఇదే:

```
0 = −dp/dx − 32/Re
dp/dx = −0.032
```

1/Re అంటే 0.001, చిన్నది కదా, కొట్టేద్దాం అనుకుంటే ప్రెజర్ పదం ఒంటరిగా మిగులుతుంది, అది సున్నా కావాల్సి వస్తుంది. ప్రెజర్ లేకుండా పైపులో నీళ్ళు పోతున్నట్టు! అసలు సంగతేమిటంటే ఇక్కడ ప్రెజర్ పదం కూడా అంతే చిన్నది. రెండు చిన్నవాటి మధ్యే బ్యాలెన్స్. పెద్దది అనుకున్న మూడోది లేనే లేదు.

ఇప్పుడు ప్రెజర్‌ని ρU² కి బదులు μU/L తో భాగించి మళ్ళీ చేయండి.

```
Re [∂u/∂t + (u·∇)u] = −∇p + ∇²u
```

ఇదీ అదే సమీకరణం. కానీ మన పైపుకు దీన్ని పెడితే ఎడమవైపు మొత్తం పోయి dp/dx = −32 మిగులుతుంది. Re ఎక్కడా లేదు. మామూలు యూనిట్లలోకి మార్చితే మీటరు పొడవుకు 32μU/D², అంటే 32 పాస్కల్స్. ఆ ఫార్ములాలో సాంద్రత లేదు చూశారా? స్నిగ్ధత మార్చకుండా సాంద్రత రెట్టింపు చేస్తే Re 2000 అవుతుంది, ప్రెజర్ నష్టం 32 పాస్కల్సే ఉంటుంది. మనం కంఠస్థం చేసే f = 64/Re లోని Re కూడా నష్టాన్ని ρU²/2 తో భాగించినందుకు వచ్చిందే. పైన సాంద్రత లేదు, కింద మనమే పెట్టాం, దాన్ని తీసేయడానికి Re కావాల్సి వచ్చింది.

గోదారి_గట్టు

సార్, పైపు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా. మా ఇంట్లో ట్యాంకు నుంచి బాత్రూమ్‌కి అరంగుళం పైపు వేశారు. నిమిషానికి ఆరు లీటర్లు కూడా కష్టంగా వస్తోంది. రెనాల్డ్స్ నంబర్ తక్కువైతే ఇలా అవుతుందా? పెంచాలంటే ఏం చేయాలి?

పాత_ప్రవాహం

మీ సమస్య వేరు అండీ. ఆరు లీటర్లంటే 15 మి.మీ. పైపులో సెకనుకు 0.57 మీటర్లు. మన ఎండల్లో ట్యాంకు నీళ్ళు 30 డిగ్రీలు ఉంటాయనుకుంటే Re పదివేలు దాటుతుంది. అంటే మీ పైపులో లామినార్ ప్రవాహమే లేదు, ఇక్కడి 32 ఫార్ములా మీకు పనికిరాదు. ట్యాంకు ఎత్తు, మధ్యలో ఎన్ని బెండ్లు, వాల్వు పూర్తిగా తెరుచుకుంటుందా, లోపల ఉప్పు కట్టిందా, అవి చూడండి.

వెడ్జ్_మెష్

ఈ థ్రెడ్ చూసి నా కేసు గుర్తొచ్చింది, యాదృచ్ఛికంగా పైపు దాదాపు ఇదే. 10 మి.మీ. వ్యాసం, మీటరు పొడవు, ఇన్‌లెట్‌లో అంతటా ఒకే వేగం 0.1. ఓపెన్‌ఫోమ్‌లో `icoFoam` వాడాను, అయిదు డిగ్రీల వెడ్జ్ మెష్. `transportProperties` లో ఇచ్చింది ఇదొక్కటే:

```
nu  1e-06;
```

అవుట్‌లెట్‌లో ప్రెజర్ సున్నా పెట్టాను. ఇన్‌లెట్‌లో దాదాపు 0.038 వచ్చింది. చేత్తో లెక్కేస్తే 32 రావాలి. వెయ్యి రెట్లు తేడా! మెష్ మూడుసార్లు సన్నం చేశాను, అదే నంబర్. నా Re తప్పా?

సూత్రధారి

యూనిట్లు చూసుకో. మిల్లీమీటర్లలో గీసి మీటర్లకు మార్చకుండా వదిలేసి ఉంటావు, అందరూ చేసేదే.

పాత_ప్రవాహం

స్కేల్ తప్పయితే వెయ్యి ఇంత శుభ్రంగా రాదు. `icoFoam` సమీకరణాన్ని ముందే ρ తో భాగించేస్తుంది. అందుకే మిమ్మల్ని సాంద్రత అడగలేదు, `nu` ఒక్కటే అడిగింది. అది ఇచ్చే `p` నిజానికి p/ρ. ఆ ఫైల్ పైన `dimensions` చూడండి, పాస్కల్ ఉండదు, మీటర్ స్క్వేర్ బై సెకండ్ స్క్వేర్ ఉంటుంది. 1000 తో గుణిస్తే 38 పాస్కల్స్.

ఇప్పుడు మిగిలిన 6 పాస్కల్స్ సంగతి. అది మెష్ లోపం కాదు. చింతూ ప్రశ్నకు జవాబు ఆ ఆరులోనే ఉంది.

మీ ఇన్‌లెట్‌లో వేగం అంతటా ఒకటే. గోడ దగ్గర నీళ్ళు వెంటనే ఆగాలి, ఆగిన సంగతి మధ్యలో ఉన్న నీళ్ళకు తెలియడానికి టైమ్ పడుతుంది. స్నిగ్ధత ఆ కబురును అడ్డంగా మోసుకుపోతుంది, కానీ నీళ్ళు ఈలోగా ముందుకు వెళ్ళిపోతుంటాయి. అడ్డంగా చేరే కాలం D²/ν స్థాయిలో ఉంటుంది. ఇక్కడ 100 సెకన్లు. ఒక వ్యాసం దూరం ముందుకు పోయే కాలం D/U, ఇక్కడ 0.1 సెకను. భాగించండి. 1000. అదే Re.

అంటే పైపులో Re ఏ క్షణంలోనూ రెండు బలాల్ని పోల్చడం లేదు, రెండు కాలాల్ని పోలుస్తోంది. ఇంకోలా చెప్పాలంటే, గోడ కబురు ఈ చివర నుంచి ఆ చివరకు చేరేలోపు నీళ్ళు ఎన్ని వ్యాసాల దూరం పోతాయో చెబుతోంది. నిజంగా పారాబొలా కుదురుకోవడానికి అంత పూర్తి కాలం అక్కర్లేదు. గోడ అన్ని వైపులా ఉంది, మధ్యకు చేరాల్సిన దూరం సగమే, మిగిలిన తేడాలు త్వరగానే చచ్చిపోతాయి. అందుకే ముందు 0.06 అనే గుణకం వస్తుంది: ప్రవేశ పొడవు సుమారు 0.06 × Re × D. మీ పైపులో 60 వ్యాసాలు, అంటే 0.6 మీటరు. మీ మీటరు పైపులో సగం పైన ఇంకా కుదురుకుంటున్న ప్రవాహమే.

ఆ 0.6 మీటర్లలో మధ్యనున్న నీళ్ళు 0.1 నుంచి 0.2 కి పుంజుకుంటాయి. అక్కడ (u·∇)u సున్నా కాదు. పుంజుకోవడానికీ, ఆ భాగంలో గోడ దగ్గర ఎక్కువగా ఉండే ఘర్షణకూ కలిపి అదనంగా ప్రెజర్ ఖర్చవుతుంది, ఆ ఖర్చు ρU²/2 కి దాదాపు 1.25 రెట్లు. మీకు ρU²/2 అంటే 5 పాస్కల్స్. అయిదుకు ఒకటింపావు రెట్లు వేస్తే ఆరు చిల్లర.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. పైపు 3 మీటర్లు చేయండి. ఒకసారి ఇదే `nu` తో, ఇంకోసారి `5e-07` తో నడపండి. రెండోసారి వచ్చిన `p` ని 2000 తో గుణించండి, ఎందుకంటే μ మార్చకుండా సాంద్రత రెట్టింపు చేశామని మన ఉద్దేశం.

వెడ్జ్_మెష్

నడిపాను. మొదటిదానికి సుమారు 102 పాస్కల్స్. రెండోదానికి 108 చిల్లర. మూడు మీటర్లకు 96 రావాలి కదా. పైన మిగిలింది మొదట 6, తర్వాత 12. 96 రెండింటిలోనూ కదల్లేదు, మిగులు మాత్రమే సాంద్రతతో పాటు రెట్టింపైంది. మధ్య లైన్ మీద వేగం గీసి చూశాను. మొదటి కేసులో అర మీటరు దాటాక గీత చదునైంది. రెండోదాంట్లో మీటరు దాటాక.

చింతూ_మెక్

ఓ! అంటే Re రెట్టింపు చేస్తే కుదురుకున్న భాగానికి ఏమీ తెలియదు. ప్రవేశ భాగం మాత్రం రెండింతలు పొడవైంది. అయితే సార్, అన్ని ప్రవాహాల్లోనూ Re కాలాల నిష్పత్తే, బలాల నిష్పత్తి అనేది తప్పు అనుకోవచ్చా?

లెక్కల_పిచ్చి

అంత తొందర వద్దు చింతూ. బలాల నిష్పత్తి అనే మాట కొన్నిచోట్ల చక్కగా పనిచేస్తుంది. సిలిండర్ వెనక సుడులు, బెండ్‌లో ప్రవాహం, అలాంటి చోట వేగం నిజంగానే L దూరంలో U అంత మారుతుంది. పెద్ద Re దగ్గర మాత్రం అది ఇంకోవైపు నుంచి దెబ్బతింటుంది. నీ పైపుకు సరిగ్గా ఎదురు ఉదాహరణ ఇస్తాను.

పలచటి చదును ప్లేటు, గాలికి సమాంతరంగా, పొడవు 24 సెం.మీ. గాలి సెకనుకు 10 మీటర్లు, ν = 1.5×10⁻⁵. Re = 1,60,000. పుస్తకం మాట ప్రకారం స్నిగ్ధత లక్షా అరవై వేల రెట్లు బలహీనం, కాబట్టి 1/Re పదం కొట్టేయాలి. కొట్టేస్తే ఏమవుతుందో తెలుసా? పోయేది చిన్న పదం కాదు, అత్యధిక డెరివేటివ్ ఉన్న పదం. దాంతో సమీకరణం ఆర్డర్ తగ్గిపోతుంది, గోడ దగ్గర వేగం సున్నా అనే షరతు పెట్టే చోటే ఉండదు. గాలి ప్లేటు మీద జారిపోతుంది, డ్రాగ్ సున్నా. 18వ శతాబ్దంలో డి'అలంబర్ట్ తల పట్టుకున్నది ఇలాంటి సున్నా డ్రాగ్ దగ్గరే.

1904లో ప్రాంట్ల్ చేసింది, స్కేలింగ్ భాషలో చెప్పాలంటే ఇంతే: ప్లేటుకు అడ్డంగా L తో భాగించడం మానేసి, δ అనే ఇంకో పొడవుతో భాగించాడు. అప్పుడు స్నిగ్ధతా పదం ముందు గుణకం ఇలా మారుతుంది:

```
(1/Re)(L/δ)²
```

ఇది 1 కావాలంటే δ = L/√Re. మన ప్లేటుకు √Re = 400, కాబట్టి δ = 0.6 మి.మీ. వేగం దాదాపు పూర్తిగా అందుకునే మందం దీనికి 5 రెట్లు, 3 మి.మీ. ఆ మూడు మిల్లీమీటర్లలో జడత్వమూ స్నిగ్ధతా సమానం, ఎందుకంటే అవి సమానమయ్యే మందాన్నే δ అన్నాం. అంటే నీ పైపులో Re 1000, అసలు నిష్పత్తి సున్నా. ఈ పొరలో Re లక్షా అరవై వేలు, అసలు నిష్పత్తి ఒకటి. ఇక్కడ Re చెబుతున్నది బలాల గురించి కాదు, ఆకారం గురించి: ప్లేటు పొడవు పొర మందానికి ఎన్ని రెట్లో, దాని వర్గం.

పాత_ప్రవాహం

లెక్కల_పిచ్చి గారూ, ఒప్పుకుంటాను, కానీ మీ ఆకారమూ నా కాలమూ ఒకటే కదా. మీ గాలి ప్లేటు దాటడానికి 24 సెం.మీ. ÷ 10 = 0.024 సెకను. అంత కాలంలో స్నిగ్ధత అడ్డంగా ఎంత దూరం పాకుతుంది? √(νt) వేయండి. √(1.5×10⁻⁵ × 0.024) = 0.6 మి.మీ. మీ δ వచ్చేసింది, సమీకరణం జోలికి పోకుండానే.

పైపు ప్రవేశ భాగం కూడా ఇదే కథ. అన్ని వైపుల గోడల నుంచీ పొరలు పెరుగుతాయి. √(νx/U) అనేది D స్థాయికి చేరినప్పుడు అవి మధ్యలో కలిసిపోతాయి. x కోసం సాల్వ్ చేస్తే UD²/ν, అంటే Re × D. ప్లేటు మీద కబురు ఇంకా దారిలో ఉంది, అందుకే జడత్వం బతికే ఉంది. కుదురుకున్న పైపులో కబురు అందరికీ అందేసింది, ఇక చెప్పడానికేమీ లేదు, అందుకే జడత్వ పదం సున్నా.

లెక్కల_పిచ్చి

లామినార్ వరకు సరే. టర్బులెంట్ అయ్యాక అడ్డంగా మోసేది స్నిగ్ధత కాదు, సుడులు. అప్పుడు మీ D²/ν గడియారం పైపు మధ్యలో ఏ పనీ చేయదు, గోడను ఆనుకున్న పలచటి పొరలోనే దానికి పని. టర్బులెంట్ ప్రవేశ పొడవు Re తో పాటు అలా పెరగదు కూడా, కొన్ని పదుల వ్యాసాల్లో ముగుస్తుంది. కాబట్టి "కాలాల నిష్పత్తి" కూడా అన్నిచోట్లా అంటించే లేబుల్ కాదు. నన్నడిగితే Re కి ఒకే భౌతిక అర్థం వెతకడమే అనవసరం. సమీకరణం ఇచ్చే గట్టి హామీ ఒక్కటే: ఆకారం అదే, సరిహద్దు షరతులు అవే, Re అదే అయితే జవాబు అదే. మిగతావన్నీ మనం ఒక్కో ప్రవాహానికి చేసుకునే వ్యాఖ్యానాలు.

పాత_ప్రవాహం

అంత పొడిగా వదిలేయలేను. హామీ ఒక్కటే ఉంటే మోడల్ టెస్టింగ్ చేసుకోవచ్చు గానీ, 0.6 మీటరు ఎందుకో చెప్పలేం. సరే, ఇక్కడ మనిద్దరికీ కుదరదు.

సూత్రధారి

ఇంత మాట్లాడారు, 2300 గురించి ఎవరూ చెప్పలేదు. కుదురుకున్న పైపులో జడత్వం సున్నా అయితే అది టర్బులెంట్ ఎందుకవుతుంది? దేని వల్ల? నేను చెప్పిన గెలుపు ఓటములు లేకపోతే ఆ నంబర్ ఎక్కడిది?

పాత_ప్రవాహం

ఇది సరైన ప్రశ్న, మీ మొదటి జవాబులో నిజం ఉన్నదీ ఇక్కడే. పారాబొలాకు జడత్వం లేదు. కానీ దానిలో చిన్న కదలిక పుట్టిందనుకోండి, ఆ కదలికకు (u·∇)u సున్నా కాదు. పారాబొలాలో పక్కపక్క పొరల వేగాల్లో తేడా ఉంది, ఆ తేడా నుంచి కదలిక శక్తి లాక్కుంటుంది. స్నిగ్ధత దాన్ని చంపుతుంది. లాక్కోవడానికి పట్టే కాలం D/U స్థాయి, చావడానికి పట్టే కాలం D²/ν స్థాయి. పోటీ ఉంది, ఇంకా పుట్టని కదలికకు. Re ఆ పోటీకి గుర్తు.

కానీ 2300 అనే గీత సమీకరణంలో రాసి లేదు. 1883లో రెనాల్డ్స్ మాంచెస్టర్‌లో గాజు గొట్టంలో రంగు వదిలి చూసినప్పుడు, నీళ్ళు బాగా నిలకడ పట్టాక మెల్లగా వదిలితే పన్నెండు వేల దాకా రంగు గీత చెదరలేదు. నీళ్ళు కదిపి వదిలితే రెండు వేల చుట్టుపక్కలే చెదిరిపోయింది. తర్వాతి వాళ్ళు ఇంకా జాగ్రత్తపడి లక్ష దాకా లామినార్‌గా నడిపారు. గోరంత కదలికైతే అది ఏ Re దగ్గరైనా చివరికి చస్తుందనే ఇప్పటిదాకా లెక్కలన్నీ చూపిస్తున్నాయి. కాబట్టి పైపుకు ఒకే ఒక్క క్రిటికల్ Re అని చెప్పాలంటే, కదలిక ఎంత పెద్దదో కూడా చెప్పాలి.

వెడ్జ్_మెష్

దీనికి నాదొక సాక్ష్యం. ఇదే మెష్‌లో Re 10,000 పెట్టి నడిపినా చక్కటి లామినారే వస్తోంది. 2300 దాటగానే ఏదో అవుతుందని ఎదురుచూశాను, ఏమీ కాలేదు. సాల్వర్‌లో బగ్ అనుకున్నా.

పాత_ప్రవాహం

బగ్ కాదు. వెడ్జ్ అంటే ప్రవాహం అక్షం చుట్టూ అంతటా ఒకేలా ఉందని మీరే శాసించారు. టర్బులెన్స్‌ను నిలబెట్టే పొడవాటి చారలు అక్షం చుట్టూ మారుతూ ఉండాలి, వాటికి మీ మెష్‌లో చోటే లేదు. పైగా మీ ఇన్‌లెట్‌లో కదలిక కూడా లేదు.

లెక్కల_పిచ్చి

"ఎందుకు 1 కాదు, ఎందుకు రెండు వేలు" అన్న చింతూ ప్రశ్నకు ఒక ముక్క కలుపుతాను. U, D బదులు గోడ దగ్గరి ఘర్షణ నుంచి వచ్చే వేగం తీసుకుందాం. లామినార్ పైపులో దాని వర్గం 8νU/D. ఆ వేగంతో, D తో ఇంకో Re తయారుచేస్తే √(8Re) అవుతుంది. Re 2000 అయితే ఇది 126. గోడ పక్కన టర్బులెన్స్‌లో కనిపించే చారల మధ్య దూరం ఇదే కొలతలో సుమారు 100. అంటే రెండు వేల కంటే బాగా కిందకు వెళితే, ఒక్క జత చారలు పట్టే వెడల్పు కూడా పైపుకు ఉండదు. రెండు వేలు అనేది మనం U, D ఎంచుకున్నందువల్ల పెద్దగా కనిపిస్తోందని నాకు అనిపిస్తుంది. ఇది రుజువు కాదు, స్థాయి అంచనా మాత్రమే.

సూత్రధారి

126 కీ 100 కీ దగ్గరగా ఉందని సరిపెట్టుకోవడమేనా? D బదులు వ్యాసార్ధం తీసుకుంటే 63 వస్తుంది. అప్పుడేమంటారు?

లెక్కల_పిచ్చి

చారలు పైపు చుట్టూ పరుచుకుంటాయి కాబట్టి వ్యాసార్ధం కంటే చుట్టుకొలతే తీసుకోవాలని కూడా వాదించొచ్చు, అప్పుడు 400 వస్తుంది. అందుకే అంచనా అన్నాను. ఇంతకంటే గట్టిగా నేను చెప్పలేను.

పాత_ప్రవాహం

గట్టి నంబర్ కావాలంటే 2011లో వచ్చిన పైపు ప్రయోగాలు 2040 దగ్గర తేల్చాయి. కానీ వాళ్ళు ప్రశ్నే మార్చారు. పైపులో అక్కడక్కడ పుట్టే టర్బులెంట్ ముద్ద చచ్చిపోవడానికి పట్టే సగటు కాలమూ, అది రెండుగా చీలడానికి పట్టే సగటు కాలమూ ఎక్కడ సమానమవుతాయో చూశారు. చీలడం ముందు జరిగితే టర్బులెన్స్ నిలుస్తుంది, చావు ముందొస్తే నిలవదు. మళ్ళీ రెండు కాలాలే, లెక్కల_పిచ్చి గారు గమనించాలి! ఆ సరిహద్దు దగ్గర ముద్ద కోటి వ్యాసాల పైచిలుకు దూరం పోతేగానీ తేలదు. మన 10 మి.మీ. పైపులో చూడాలంటే వంద కిలోమీటర్లకు పైగా పైపు వేయాలి.

చింతూ_మెక్

వంద కిలోమీటర్లా! మా ల్యాబ్‌లో రెనాల్డ్స్ ఉపకరణం గొట్టం మీటరున్నర కూడా ఉండదు. అందులో మేం 2300 "కనుక్కుని" రికార్డు రాసి సంతకం పెట్టించుకున్నాం. ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో నంబర్ వచ్చింది, 1900 నుంచి మూడు వేల దాకా.

పాత_ప్రవాహం

ఆ నంబర్లు దిద్దకుండా అలాగే ఉంచాల్సింది. ట్యాంకు నింపాక ఎంతసేపు ఆగారో ప్రతి బ్యాచ్‌నీ అడిగి, నంబర్ పక్కన రాయండి. ఇంకోటి, మీటరున్నర గొట్టం అన్నారు. దాని లోపలి వ్యాసం ఎంత? 25 మి.మీ. అయితే Re 2000 దగ్గర ప్రవేశ పొడవే 3 మీటర్లు. మీరు చూసింది పారాబొలా చెదరడం కాదు, ఇంకా తయారవుతున్న ప్రొఫైల్ చెదరడం.

వెడ్జ్_మెష్

నేను పూర్తి 3డీ పైపు మెష్ మొదలుపెడుతున్నా, Re 2500. పొడవుకు రెండు చివర్లూ కలిపేసి సైక్లిక్ పెట్టాలా, లేక ఇన్‌లెట్‌లో కదలిక ఇవ్వాలా? ఇస్తే U లో ఎంత శాతం?

లెక్కల_పిచ్చి

సైక్లిక్ పెట్టు, పొడవు కనీసం 30 వ్యాసాలు ఉండనివ్వు. ముద్ద ఒక్కటే పొడవు ఇరవై దాకా ఉంటుంది, పెట్టె చిన్నదైతే తన తోకను తనే తగులుకుంటుంది. కదలిక 10 శాతంతో మొదలుపెట్టి, చస్తే పెంచు. అక్షం చుట్టూ మారే కదలికే ఇవ్వు, అన్ని వైపులా ఒకేలా ఉన్నది ఇస్తే మళ్ళీ వెడ్జ్ దగ్గరికే వస్తావు.